కారు బ్యాటరీలో నీళ్లు ఎంతవరకు పోయాలి?

సిరొంచ ఎండలకు మా పాత కారు బ్యాటరీలో నీళ్లు త్వరగా తగ్గిపోయి, పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజను మూలుగుతూ ఉండేది. ఇంజను ఆపి, బ్యాటరీ పైభాగాన్ని తుడిచి, ఆరు మూతలూ విప్పి టార్చిలైటుతో చూస్తే (అగ్గిపుల్ల మాత్రం వెలిగించకూడదు, లోపలి వాయువు అంటుకుంటుంది) నాలుగు గదుల్లో ప్లేట్లు మునిగే ఉన్నాయి గానీ రెండింటిలో అంచులు బయటపడ్డాయి. ఆ రెండింటిలో ముందు ప్లేట్లు మునిగేంత వరకే డిస్టిల్డ్ వాటర్ పోసి, మూతలు పెట్టి, బ్యాటరీని పూర్తిగా ఛార్జ్ చేయించాను. ఛార్జింగులో ద్రవం పైకి లేస్తుంది కనుక, ముందే నిండా పోస్తే ఆమ్లం పొంగి టెర్మినళ్లను తినేస్తుంది. తరువాత అన్ని గదుల్లోనూ ప్లేట్లపైన సుమారు ఒక సెంటీమీటరు నిలిచేలా ప్లాస్టిక్ గరాటుతో నింపాను.

బోరు నీళ్లు గానీ కుళాయి నీళ్లు గానీ పోయకూడదు. బ్యాటరీలో ఆవిరయ్యేది నీరు మాత్రమే, అందులోని లవణాలు లోపలే పేరుకుంటాయి. ఇనుము వల్ల బండి కదలకపోయినా ఛార్జ్ దిగిపోతుంది, క్లోరైడు ప్లేట్లను తింటుంది. విడిగా ఆమ్లం కూడా కలపకూడదు.

ఒకే గది పదేపదే ఎండుతుంటే ఆ గది చెడినట్లే, నీళ్లతో బాగుపడదు. అన్నీ కలిసి వారాల్లోనే తగ్గుతుంటే ఆల్టర్నేటర్ అధికంగా ఛార్జ్ చేస్తున్నదేమో మెకానిక్కుకు చూపించాలి. మూతలు లేని సీల్డ్ బ్యాటరీకి ఈ పద్ధతి వర్తించదు.