ఆసనం పేరును విడదీసి అందులోని బొమ్మను చూడటం ఎలా?

ఆసనం పేరును ఎప్పుడూ చివరి నుంచి విడదీయాలి. ముందు నుంచి మొదలుపెడితే ఎక్కడ ఆగాలో తెలియదు. చివర ఉన్న ‘ఆసనం’ అన్ని పేర్లలోనూ ఒకటే కాబట్టి దాన్ని పక్కన పెట్టడం మొదటి పని.

అయితే నేరుగా కోసేస్తే ముందు పదం తెగుతుంది. ‘త్రికోణాసనం’లో ‘ణా’ దగ్గర రెండు పదాలు అతుక్కున్నాయి. ‘కోణ’ చివరి అకారం, ‘ఆసనం’ మొదటి ఆకారం కలిసి ఒకే ఆకారం అయ్యాయి. బడిలో చదువుకున్న సవర్ణదీర్ఘ సంధి ఇదే. కాబట్టి ‘ఆసనం’ తీసేశాక ముందు పదానికి దాని అకారాన్ని తిరిగి ఇవ్వాలి: త్రి + కోణ + ఆసనం. ధనురాసనంలో మాత్రం మధ్య రేఫ కనిపిస్తుంది. అది ‘ధనుః’లోని విసర్గ మారిన రూపం.

రెండో మెట్టులో, మిగిలిన భాగాలను కలిపి ఒక బొమ్మగా ఊహించాలి. మూడు కోణాలంటే త్రిభుజం. ఎడంగా పెట్టిన రెండు కాళ్లు రెండు భుజాలు, వాటి మధ్య నేల మూడో భుజం. త్రిభుజానికి తిన్నని గీతలు కావాలి కనుక, పక్కకు వంగేటప్పుడు మోకాలు ముడుచుకుంటే బొమ్మ చెడిందని పేరే చెబుతుంది. చేయి నేలను తాకాలని మాత్రం అందులో ఎక్కడా లేదు.

తెలుగువారికి అసలు చిక్కు భుజంగాసనంతో వస్తుంది. మనకు ‘భుజం’ తెలుసు, ‘అంగం’ తెలుసు. రెండూ కలిపి ‘భుజాల ఆసనం’ అనుకోవడం తేలిక. పైగా సర్వాంగాసనం నిజంగానే సర్వ + అంగ + ఆసనం. కానీ సర్వాంగలో ‘ర్వా’కు దీర్ఘం ఉంది, భుజంగలో ‘జ’ హ్రస్వమే. భుజ, అంగ కలిస్తే ‘భుజాంగ’ కావాలి. ఇక్కడ ‘భుజ’ అంటే వంపు, ‘గ’ అంటే పోయేది. వంకరగా పోయేది పాము. ‘భుజగ’ అన్నా పామే. విహగ–విహంగ, తురగ–తురంగ జంటలను గుర్తు చేసుకుంటే అనుమానం తీరుతుంది.

పాము దొరికాక, అది ఏ స్థితిలో ఉందో చూడాలి. ఘేరండ సంహిత అనే పాత యోగ గ్రంథం ఇచ్చే వర్ణనలో కాలి బొటనవేళ్ల నుంచి నాభి వరకు శరీరం నేలమీదే ఉంటుంది, అరచేతులు నేలకు ఆనుతాయి, తల పాములా పైకి లేస్తుంది. అంటే పడగ మాత్రమే లేవాలి. చేతులు పూర్తిగా చాచి తొడలు కూడా లేపితే అది మరో ఆసనం, ఊర్ధ్వముఖ శ్వానాసనం. పైకి చూసే కుక్క అన్నమాట.

ఇప్పుడు పొడవైన పేరు ఒకటి చూద్దాం: పశ్చిమోత్తానాసనం. ‘ఆసనం’ తీసేస్తే ‘పశ్చిమోత్తాన’ మిగులుతుంది. మధ్యలో ఓకారం కనిపిస్తే అక్కడ అ, ఉ కలిశాయేమో చూడాలి. ఇది గుణసంధి: పశ్చిమ + ఉత్తాన. తూర్పు ముఖంగా ఉన్నవారికి పడమర వెనుక వైపు కదా, ఈ పేరులో ‘పశ్చిమ’ శరీరం వెనుక భాగమంతా. ‘ఉత్తాన’ అంటే బాగా చాచడం.

ఇక్కడ ఒత్తు జాగ్రత్త. కొందరు ‘పశ్చిమోత్థానాసనం’ అని రాస్తారు. ‘ఉత్థానం’ అంటే లేవడం. కూర్చుని ముందుకు వంగే ఆసనంలో లేచేది ఏముంది? సరైన పేరును బట్టి చూస్తే మడమల నుంచి మెడ వరకు వెనుక వైపు చాపుకోవడమే పని. నుదురు మోకాళ్లకు ఆనాలని వీపును గూనిలా వంచేవారున్నారు. తలకూ మోకాలికీ సంబంధం పెట్టిన పేరు వేరే ఉంది: జాను (మోకాలు) + శీర్ష (తల) + ఆసనం.

అన్ని పేర్లూ ఇలా బొమ్మ చూపించవు. మత్స్యేంద్రాసనాన్ని మత్స్య + ఇంద్ర అని విడదీసి చేపను వెతికితే దొరకదు. అది మత్స్యేంద్రనాథుడనే హఠయోగి పేరు. బొమ్మ ఉన్నచోట కూడా భంగిమ ఒక్కటే కాకపోవచ్చు. నేటి ధనురాసనంలో బోర్లా పడుకుని చీలమండలు పట్టుకుంటాం. హఠయోగ ప్రదీపిక అనే మరో పాత గ్రంథంలో అదే పేరుతో ఉన్నది వేరు: కాలి బొటనవేళ్లు పట్టుకుని, అల్లెతాడు లాగినట్టు చెవి దాకా లాగాలి. ఇప్పుడు దాన్ని ఆకర్ణ ధనురాసనం అంటున్నారు. ‘ఆకర్ణ’ను విడదీస్తే ఆ + కర్ణ, చెవి వరకు.