ఒప్పందం ఉల్లంఘించారని నోటీసు వచ్చిందా? జవాబు లేఖ బెడిసికొట్టే మూడు చోట్లు

అనంతపురంలో రెండంతస్తుల దుకాణాల సముదాయం కడుతున్న ఒక కాంట్రాక్టరు ఉన్నాడనుకుందాం. మార్చి 31 నాటికి పని పూర్తి కావాలి, స్టీలు యజమానే తెచ్చివ్వాలి, ఆలస్యమైతే రోజుకు 2,000 రూపాయల పరిహారం. ఒప్పందంలో ఉన్నది ఇదీ. జూన్ 9న యజమాని న్యాయవాది నుంచి నోటీసు వచ్చింది. 70 రోజులు ఆలస్యం చేశారు కాబట్టి ఒప్పందం ఉల్లంఘించినట్లే, 1,40,000 రూపాయలు చెల్లించండి, లేకపోతే ఒప్పందం రద్దు చేస్తాం అని దాని సారాంశం. జవాబుకు 15 రోజుల గడువు.

సమస్య: ఆరోపణలన్నీ ఖండించినా జవాబుకు విలువ రావడం లేదు

కారణం: "మీ ఆరోపణలు పూర్తిగా నిరాధారం" అని ఒక్క మాటలో తోసిపుచ్చారు. ఆ వాక్యం ప్రతి జవాబు నోటీసులోనూ ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. నోటీసులోని ఏదైనా పేరాకు జవాబే లేకపోతే, మౌనంగా ఒప్పుకున్నారని తర్వాత వాదిస్తారు.

పరిష్కారం: నోటీసులోని పేరాల వరుసలోనే జవాబివ్వండి. రోజుల లెక్కను విడగొట్టండి. సైటు రిజిస్టరు తీస్తే, నవంబర్ 5న రావాల్సిన స్టీలు డిసెంబర్ 17న దిగినట్లు లారీ చలానా ఉంది. అంటే 42 రోజులు. జనవరి 10న యజమాని మెట్ల స్థానం మార్చమన్నారు, సవరించిన డ్రాయింగు 30న చేతికొచ్చింది. మరో 20 రోజులు. లేఖలో ఇలా రాయవచ్చు:

"మీ నోటీసు 4వ పేరాలోని ఆరోపణను అంగీకరించడం లేదు. ఒప్పందం ప్రకారం మీరు నవంబర్ 5న ఇవ్వవలసిన స్టీలు డిసెంబర్ 17న అందింది. చలానా నకలు జతచేస్తున్నాము. ఆ 42 రోజులు స్లాబు పని మొదలుపెట్టే వీలు లేకపోయింది."

దీనికి చట్టం దన్ను ఉంది. ఒకరు తమ వంతు చేస్తే తప్ప రెండోవారు చేయలేని పని అయితే, ముందు తప్పినవారు రెండోవారిని ఆ పని చేయమని పట్టుబట్టడానికి వీల్లేదని, పైగా దానివల్ల రెండోవారికి కలిగిన నష్టానికి తామే పరిహారం ఇవ్వాలని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 54వ సెక్షన్ చెబుతుంది.

ఇంకా 8 రోజులు మిగిలాయి. చాలామంది ఇక్కడే తడబడి ఆ రోజులకూ ఏదో ఒక సాకు కల్పిస్తారు. అది వద్దు. లెక్కలో ఒక్క అబద్ధం దొరికితే మిగతా 62 రోజులనూ నమ్మరు. గడువు దాటాక కూడా యజమాని సైటుకు వచ్చి పని కొనసాగించమన్నారా, అప్పుడు పరిహారం అడుగుతామని తెలిపారా అన్నది చూడండి. గడువు దాటిన పనిని అలాంటి నోటీసు లేకుండా అంగీకరించినవారు తర్వాత ఆ ఆలస్యానికి నష్టం అడగలేరని 55వ సెక్షన్ అంటుంది. ఆ వాదన నిలవకపోయినా, వివాదం 1,40,000 నుంచి 16,000కు దిగుతుంది.

సమస్య: "ఆలస్యాన్ని మీరే ఒప్పుకున్నారు" అంటున్నారు

కారణం: మర్యాదకు రాసిన "కొంత జాప్యం జరిగిన మాట నిజమే, అయినప్పటికీ" అనే వాక్యం. కోర్టులో చదివి వినిపించేది "అయినప్పటికీ"కి ముందున్న సగమే.

పరిష్కారం: "జాప్యం" అన్న మాట వచ్చిన ప్రతిచోటా అది ఎవరి వల్ల కలిగిందో అదే వాక్యంలో చెప్పండి. రాజీ ప్రతిపాదన ఉంటే ఈ లేఖలో కలపకండి. "హక్కులకు భంగం లేకుండా" అని పైన రాసి విడిగా పంపండి.

సమస్య: హక్కులు కాపాడుకున్నామని రాసినా హక్కులు పోయాయి

కారణం: "మా హక్కులన్నీ పదిలం" అన్న చివరి వాక్యాన్ని తాయెత్తులా నమ్మడం. ఆ వాక్యం ఉన్నంత మాత్రాన కాలపరిమితి ఆగదు. చేసిన పనికి సొమ్ము కోసం దావా వేయడానికి సాధారణంగా మూడేళ్లే గడువు, ఎన్ని లేఖలు నడిచినా అది కరిగిపోతూనే ఉంటుంది.

పరిష్కారం: ఏ హక్కో పేరుపెట్టి రాయండి. రన్నింగ్ బిల్లు 6,40,000 రూపాయలు రావాలంటే ఆ మొత్తం, బిల్లు తేదీ, చెల్లింపు క్లాజు రాసి, గడువు పొడిగింపు కోరే హక్కు, మెట్ల మార్పుకు అదనపు సొమ్ము అడిగే హక్కు విడివిడిగా చెప్పండి. మధ్యవర్తిత్వ క్లాజు ఉంటే దాన్ని వాడుకునే హక్కునూ చేర్చండి. అయితే వివాదాన్ని మధ్యవర్తికి అప్పగించమని కోరే నోటీసు ఎదుటివారికి అందిన రోజే ఆ ప్రక్రియ మొదలవుతుంది. జవాబు లేఖలో ప్రస్తావన మాత్రమే చేసి ఊరుకుంటే చాలదు.

బిల్లు రాలేదన్న కోపంతో "నేటి నుంచి పని ఆపుతున్నాము" అని ఇదే లేఖలో రాయకండి. పని నిలిపే హక్కు ఒప్పందంలో ఉందో లేదో, ముందు ఎన్ని రోజుల నోటీసివ్వాలో చూడకుండా ఆపితే, అప్పటిదాకా లేని ఉల్లంఘనను యజమాని చేతికి మనమే అందించినట్లవుతుంది.

లేఖను నోటీసు పంపిన న్యాయవాదికి, మరో ప్రతిని ఒప్పందంలో నోటీసుల కోసం రాసుకున్న యజమాని చిరునామాకు, అందినట్లు రుజువు వచ్చేలా పోస్టులో పంపండి. పంపేముందు ఒప్పందం, చలానాలు పట్టుకెళ్లి స్థానిక న్యాయవాదికి చూపించండి.