ప్రకటన రాగానే టీవీ అరవకుండా చేయడం ఎలా?

మా మల్కాజిగిరి అపార్ట్‌మెంట్‌లో రాత్రి తొమ్మిది గంటలకు ఎవరింట్లో సీరియల్ ఆగి ప్రకటనలు మొదలయ్యాయో మెట్ల దగ్గర నిలబడి చెప్పవచ్చు. ఇప్పటికి ఏడెనిమిది ఇళ్లలో టీవీలు సరిచేశాను. దాదాపు అన్ని చోట్లా ఒకటే తప్పు. టీవీలో శబ్దాన్ని సమం చేసే Auto Volume ఆన్ చేసి, రెండు ప్రకటనలు చూసి, ‘ఇది పనిచేయదండీ’ అని తేల్చేస్తారు. పనిచేస్తుంది. దానితో పాటు చేయాల్సిన పని ఒకటుంది, దాన్నే ఎవరూ చేయరు.

సోలలో బియ్యం మామూలుగా పోస్తే కొన్నే పడతాయి, కుదిపి అదిమి పోస్తే అదే సోలలో ఇంకా పడతాయి. ప్రకటన శబ్దమూ అంతే. దాని గరిష్ఠ స్థాయి సీరియల్ కంటే ఎక్కువేమీ కాకపోవచ్చు, కానీ మెల్లని భాగాలను కూడా పైకి లేపి అంచు వరకు నింపేస్తారు. మన కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నిబంధనలు, 1994లో ప్రకటనల శబ్దం మితిమీరి ఉండకూడదని ఏనాడో రాశారు. ఆ నిబంధనను నమ్ముకుని కూర్చోకుండా మీ టీవీని మీరే సరిచేసుకోండి.

కావలసినవి రెండు రిమోట్లు, ఒక సాయంత్రం. టీవీ సెట్టింగుల్లో Sound లోకి వెళ్లండి. అక్కడే కానీ, దాని లోపల Expert Settings లేదా Advanced అన్నచోట కానీ Auto Volume ఉంటుంది. ఆన్ చేయండి. సౌండ్ మోడ్ Standard లో ఉంచండి. ఇంతవరకు రెండు నిమిషాల పని.

ఇక అసలు చిక్కు సెట్‌టాప్ బాక్స్. చాలామంది బాక్స్ రిమోట్‌తోనే శబ్దం తగ్గించి పెంచుతారు. దాంతో బాక్స్ సగంలోనూ టీవీ బాగా పైనా ఉండిపోతాయి. శబ్దాన్ని సమం చేసే ఏర్పాటు ఒక హద్దు దాటిన శబ్దాన్నే అణుస్తుంది. బాక్స్ నుంచే బలహీనంగా వస్తే ప్రకటన కూడా ఆ హద్దు కిందే ఉండిపోతుంది, టీవీకి అణచాల్సినది కనబడదు. కాబట్టి ముందు టీవీ శబ్దాన్ని 5కి దించండి. దించకుండా తర్వాతి పని చేస్తే ఇల్లు అదిరిపోతుంది, నా మాట వినండి. ఆ తర్వాత బాక్స్ శబ్దాన్ని పూర్తిగా పైకి పెంచి, ఇకపై దాన్ని ముట్టుకోకండి. టీవీ రిమోట్‌తో మాటలు హాయిగా వినబడేదాకా ఒక్కొక్క అంకె పెంచండి.

మా పై అంతస్తు బామ్మగారింట్లో బాక్స్ సగంలో ఉండేది, టీవీ 34 మీద. బాక్స్ నిండా పెంచాక సీరియల్ మాటలు 17లోనే స్పష్టంగా వినబడ్డాయి. వెంటనే సరిపోయిందని అనుకోకూడదు. కనీసం మూడు విరామాలు కూర్చుని చూడాలి. ప్రకటన మొదటి మాట కొంచెం గట్టిగా వచ్చి, ఆ వెంటనే అణిగితే సరిగ్గా ఉన్నట్టే. సీరియల్ మళ్లీ మొదలైనప్పుడు మొదటి వాక్యం మునిగిపోయినా, నిశ్శబ్ద సన్నివేశంలో వెనక ఫ్యాను హోరు ఉబ్బుతూ వచ్చినా, సమం చేసే ఏర్పాటు రెండుచోట్ల నడుస్తోందని అనుమానించండి. బాక్స్‌లోనూ అలాంటిది ఉంటే దాన్ని ఆపేయండి. ఒకే ఇంటికి ఇద్దరు కావలివాళ్లు ఉండకూడదు.

సౌండ్‌బార్ ఉన్నవాళ్లు ఇంకొకటి చూడాలి. టీవీ డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ Pass Through లో ఉంటే టీవీ శబ్దాన్ని ముట్టుకోకుండా అలాగే పంపేస్తుంది. PCM కి మార్చండి. ఈ ప్రకటనల బాధకే సౌండ్‌బార్ కొంటానని మా బావమరిది అన్నాడు. అరిచేవాడి చేతికి మైకు ఇచ్చినట్టుంటుందని చెప్పాను, వినలేదు.

టీవీ శబ్దం ఇంతకు మించి పెరగకుండా ఆపే గరిష్ఠ హద్దు చివర్న పెట్టాలి. బాక్స్ సరిచేయకముందే పెడితే ఆ అంకెకు అర్థం ఉండదు. మాటలు వినబడే అంకెకు ఏడు కలపండి, అంతే. బామ్మగారింట్లో 24 పెట్టాను, మనవడు రిమోట్ ఎంత నొక్కినా ముందుకు వెళ్లదు. కొన్ని టీవీల్లో Sound లోనే ఈ హద్దు దొరుకుతుంది, మరికొన్నింటిలో Hotel Mode లో Max Volume పేరుతో ఉంటుంది. ఆ రెండో రకం లోపలి మెనూ. అక్కడికి వెళితే ప్రతి తెరనూ ముందే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. Max Volume తప్ప మరేదీ మార్చకండి, ముఖ్యంగా ప్యానెల్ అన్న మాట కనబడినచోట వేలు పెట్టకండి. తెర నల్లబడితే మెకానిక్ రావాల్సిందే. ఈ హద్దు టీవీ స్పీకర్లకే అనుకోండి, సౌండ్‌బార్‌కు దాని సొంత శబ్దం ఉంటుంది.

టీవీకి ఏది ప్రకటనో, ఏది పాటో తెలియదు. కచేరీ చూసేటప్పుడు Auto Volume ఆపేయండి, లేకపోతే గాయని మెల్లగా అందుకున్న ఆలాపనా, మృదంగం తనియావర్తనమూ ఒకే ఎత్తులో వినబడతాయి. బామ్మగారికి ఆ మీట ఎక్కడుందో రిమోట్ వెనక కాగితం అంటించి రాసిపెట్టాను.