జపనీస్ సబ్‌టైటిళ్లు తెలుగులోకి – 6వ పాఠం: ‘సుకి’ అంటే ఎంత ప్రేమ?

పోయినసారి ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన జవాబులన్నీ చదివాను. ఈసారి చెప్పాల్సిన వంటింటి మాటలను వచ్చే పాఠానికి జరిపేస్తున్నాను, ఎందుకంటే దాదాపు అందరూ ఒకే చోట తడబడ్డారు.

సన్నివేశం గుర్తుందిగా. స్కూలు మేడ మీద జూనియర్ అమ్మాయి సీనియర్ అబ్బాయితో అంటుంది: “సెంపై నొ కొతొ గ సుకి దెసు. త్సుకియత్తె కుదసాయ్.” మీలో చాలామంది రాసింది: “అన్నా, నేను నిన్ను ప్రేమిస్తున్నాను. దయచేసి నాతో బయటికి రా.”

‘సుకి’ క్రియ కాదు. నచ్చడమనే స్థితిని చెప్పే మాట. ఐస్‌క్రీమ్‌కీ, పిల్లికీ, మనిషికీ అదే వాడతారు. పైగా ఆ వాక్యంలో ‘నేను’ అన్న మాటే లేదు. ఇంగ్లీషులోకి తెచ్చేవాళ్లకు ఇక్కడ ఇబ్బంది గానీ మనకు కాదు. “మీరంటే నాకు ఇష్టం” అన్నప్పుడు మన వాక్యంలోనూ ప్రేమించే పని చేసే కర్త ఉండడు, ఇష్టం ‘నాకు’ ఉంటుంది, అంతే. ‘నొ కొతొ’ కూడా మనిషిని సూటిగా పట్టుకోకుండా, ఆ మనిషికి సంబంధించిందంతా కలిపి చెప్తుంది. మన ‘అంటే’ చేసే పనీ దాదాపు అదే. అందుకే దాన్ని వదలకండి. ‘అంటే’ తీసేసి ఉత్త “నాకు ఇష్టం” అని రాస్తే, పెళ్లిచూపులయ్యాక “అమ్మాయికి ఇష్టమేనా?” అని అడిగినప్పుడు చెప్పే జవాబులా ఉంటుంది.

దీనివల్ల తర్వాతి డైలాగు కూడా తేలికవుతుంది. అబ్బాయి “ఒరె మొ” అంటాడు. “నాకూ” అని రాస్తే సరిపోతుంది. మొదట ‘ప్రేమిస్తున్నాను’ అని రాసినవాళ్లు ఇక్కడ “నేను కూడా నిన్ను ప్రేమిస్తున్నాను” అని సాగదీయాల్సి వచ్చింది. తెర మీద అతను పలికింది మూడు అక్షరాలే.

ఇక ‘అన్నా’. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను. మన కాలేజీల్లో సీనియర్‌ని ‘అన్నా’ అని పిలవడం మామూలే, కాబట్టి సెంపై అంటే అన్నా అనుకున్నారు. మిగతా సన్నివేశాల్లో అది చక్కగా కుదురుతుంది. కానీ తెలుగు అమ్మాయి నోట ‘అన్నా’ వచ్చిందంటే, ఆ వాక్యంలో ప్రేమకు తలుపు మూసేసినట్టే. “అన్నా, నువ్వంటే ఇష్టం” అన్నది రాఖీ కట్టేటప్పటి మాట. సెంపైలో వరస లేదు, పెద్దరికమే ఉంది. ఆ పెద్దరికాన్ని ‘మీరు’ మోస్తుంది కాబట్టి నేనైతే పిలుపు తీసేస్తాను. మొదటి ఎపిసోడ్‌లోనే ‘అన్నా’ అని పెట్టేసి ఉంటే, వెనక్కి వెళ్లి అక్కడ కూడా మార్చండి. ఇక్కడ ఒక్కచోట మారిస్తే చూసేవాళ్లకు తెలిసిపోతుంది.

‘బయటికి రా’ ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. ఇంగ్లీషు సబ్‌టైటిల్ పక్కన పెట్టుకుని చేశారు. ‘త్సుకియత్తె కుదసాయ్’ అంటే ఇకనుంచి మనిద్దరం జంటగా ఉందామని అడగడం. జపాన్‌లో ఇలా నోరు తెరిచి చెప్పడాన్ని ‘కొకుహకు’ అంటారు, చాలా జంటలు తమ బంధాన్ని ఆ రోజునుంచే లెక్కపెట్టుకుంటాయి. తెలుగులో దీనికి సిద్ధంగా ఉన్న మాట లేదు. ‘నాతో తిరుగుతావా’ అంటే చులకన అవుతుంది, ‘నాతో ఉంటావా’ అంటే ఒకే ఇంట్లో కాపురమనిపిస్తుంది. నేను “నన్ను మీ గర్ల్‌ఫ్రెండ్‌గా ఒప్పుకుంటారా?” అని రాస్తాను. ఆ ఇంగ్లీషు మాట మన పిల్లలు వాడేదే.

మరి ‘ప్రేమ’ను ఎక్కడ వాడాలి? ‘ఆయ్‌షితెరు’ కోసం దాచిపెట్టండి. మామూలు జంటలు ఆ మాట అరుదుగా పలుకుతారు, కథల్లో కూడా చాలాసార్లు చివరిదాకా రాదు. మొదటి ఎపిసోడ్‌లోనే ‘ప్రేమిస్తున్నాను’ ఖర్చుపెట్టేస్తే, పన్నెండో ఎపిసోడ్‌లో అతను ‘ఆయ్‌షితెరు’ అన్నప్పుడు మీ దగ్గర ఏమీ మిగలదు.

ఇద్దరు ముగ్గురు జపాన్ నవలాకారుడు సొసెకి పేరు మీద చెప్పుకునే చంద్రుడి కథ పంపారు. ఆయన ‘ఐ లవ్యూ’ని ‘చంద్రుడు అందంగా ఉన్నాడు’ అని అనువదించమన్నాడని. ఆయన రచనల్లో అది ఎక్కడా లేదు, ఉదాహరణగా వాడకండి. నిజంగా జరిగింది కావాలంటే జపాన్ రచయిత, అనువాదకుడు ఫుతబతెయ్ షిమెయ్‌ని చూడండి. రష్యన్ రచయిత తుర్గేనివ్ కథ ‘ఆస్య’ను ఆయన 1896లో జపనీస్‌లోకి తెచ్చాడు. రష్యన్‌లో ఆ కథానాయిక గుసగుసగా ఒక్క మాటే అంటుంది: “వాష”, అంటే ‘మీదాన్ని’. ఆయన దాన్ని “షిందెమొ ఈ వ” అని రాశాడు: ‘చచ్చిపోయినా ఫర్వాలేదు’. దీన్ని కూడా ‘ఐ లవ్యూ’కి అనువాదమని ప్రచారం చేస్తుంటారు. మూలంలో ప్రేమ అన్న మాటే లేదు. తెలుగులోకైతే ఇంత దూరం పోనక్కర్లేదు, “మీదాన్ని” అని యథాతథంగా పలుకుతుంది.

అభ్యాసం: ఒకే కథలో మూడు డైలాగులు. పదిహేడేళ్ల అమ్మాయి “సుకి” అంటుంది. ఏడాది తర్వాత అదే అబ్బాయితో నవ్వుతూ “దైసుకి” అంటుంది, అంటే ‘సుకి’ కంటే ఎక్కువ ఇష్టం. నలభై ఏళ్ల తర్వాత ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని, ఎన్నడూ ఆ మాట అనని భర్త “ఆయ్‌షితెరు” అంటాడు. ఒక్కోదానికి నాలుగు మాటలు మించకూడదు, ‘ప్రేమ’ ఒక్కసారే రావాలి. మూడోదాన్ని మీ ఇంట్లో పెద్దాయన నోట ఊహించుకుని పైకి చదవండి. అది విని ఆవిడ ఉలిక్కిపడాలి, కానీ ఆ మాట పరాయి భాషలా ఉండకూడదు. రెండూ కుదిరేదాకా పంపకండి.