ముందస్తు బెయిల్ ఎలా వేయాలి, మామూలు బెయిల్‌కీ దీనికీ తేడా ఏంటి

కేసు పెట్టారనో పెట్టబోతున్నారనో తెలియగానే ఇంట్లో అందరూ అనే మాట ఒకటే, "వెంటనే యాంటిసిపేటరీ వేయించండి" అని. వేయించే ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి. యాంటిసిపేటరీ అంటే ఈ ముందస్తు బెయిలే, ఇది అరెస్టుకు ముందు మాత్రమే పనికొస్తుంది. పోలీసులు పట్టుకెళ్లిపోయాక వేయాల్సింది మామూలు బెయిలే. అది జైల్లోనో కస్టడీలోనో ఉన్న మనిషిని బయటికి తెచ్చేది. ముందస్తు బెయిల్ అంటే "ఈయన్ని అరెస్ట్ చేస్తే, ఫలానా షరతుల మీద బెయిల్‌పై వదిలేయండి" అని కోర్టు పోలీసులకు ముందే చెప్పి ఉంచడం. కేసు కొట్టేసినట్టు కాదు, విచారణకు వెళ్లక్కర్లేదని అసలే కాదు.

ఇంకో తేడా కోర్టులో ఉంది. మామూలు బెయిల్ చాలా కేసుల్లో మేజిస్ట్రేట్ దగ్గరే వేసుకోవచ్చు, ముందస్తు బెయిల్ ఇచ్చే అధికారం మాత్రం సెషన్స్ కోర్టుకీ హైకోర్టుకీ తప్ప ఎవరికీ లేదు. 2024 జులై 1 నుంచి ఇది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 482వ సెక్షన్ కింద నడుస్తోంది, పాత సీఆర్పీసీలో 438 అనేవాళ్లు.

ఒక కేసు తీసుకుందాం. గుంటూరులో ఒకాయన స్థలం అమ్ముతానని అగ్రిమెంట్ రాసి 8 లక్షలు అడ్వాన్స్ తీసుకున్నాడు, అన్నదమ్ముల గొడవతో రిజిస్ట్రేషన్ ఆగిపోయింది, కొనుక్కునేవాళ్లు స్టేషన్‌కి వెళ్లి మోసం కేసు పెట్టారు. భారతీయ న్యాయ సంహిత 318(4), ఏడేళ్ల వరకు శిక్ష పడే నాన్ బెయిలబుల్ సెక్షన్. బెయిలబుల్ సెక్షన్ అయ్యుంటే ఇంత హడావుడి అవసరమే లేదు, అందులో బెయిల్ మన హక్కు. అందుకే ముందు ఎఫ్ఐఆర్ కాపీ తెప్పించుకుని సెక్షన్లు చూడాలి. ఎఫ్ఐఆర్ ఇంకా పడకపోయినా పిటిషన్ వేయొచ్చు, కానీ ఫలానా గొడవలో ఫలానా ఫిర్యాదు వల్ల అరెస్ట్ భయం ఉందని వివరంగా చూపించాలి. ఊరికే "పోలీసులు నన్ను పట్టుకుంటారేమో" అంటే కోర్టు వినదు. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసుల్లో అయితే ముందస్తు బెయిల్‌కి చట్టమే అడ్డం పెట్టింది, ఫిర్యాదు చదివితే నేరమే కనపడనప్పుడు తప్ప.

మన గుంటూరు ఆయన సెషన్స్ కోర్టులో పిటిషన్ వేశాడు. వకాలత్, ఎఫ్ఐఆర్ కాపీ, అగ్రిమెంట్, డబ్బు బ్యాంకులో పడినట్టు స్టేట్‌మెంట్, అన్నదమ్ములు పంపిన లాయర్ నోటీసు జత చేశాడు. తగువు సివిల్‌దని, మోసం చేసే ఉద్దేశం మొదట్నుంచీ లేదని చూపించడానికి ఈ కాగితాలే ప్రాణం. ఇంతకుముందు ఇలాంటి పిటిషన్ వేసి ఉంటే దాచకూడదు, దాచినట్టు తేలితే అక్కడే పోతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పిటిషన్ వేయగానే అరెస్ట్ ఆగదు! పబ్లిక్ ప్రాసిక్యూటర్ స్టేషన్ నుంచి వివరాలు తెప్పించుకోవాలని టైం అడుగుతారు, కేసు వాయిదా పడుతుంది, ఆ మధ్యలో పోలీసులు అరెస్ట్ చేస్తే పిటిషన్‌కి అర్థం ఉండదు. కాబట్టి మొదటి రోజే "ఈ లోపు అరెస్ట్ చేయకుండా మధ్యంతర ఉత్తర్వు ఇవ్వండి" అని లాయర్ చేత గట్టిగా అడిగించండి. సెషన్స్ కోర్టు కొట్టేస్తే హైకోర్టుకి వెళ్లొచ్చు.

ఏడేళ్ల వరకు శిక్ష పడే సెక్షన్లలో చాలాసార్లు విచారణకు రమ్మని స్టేషన్ నుంచి 35(3) నోటీసు వస్తుంది, పాతవాళ్లు 41ఏ నోటీసు అంటారు. అది చూసి బెదిరిపోయి ఊరు వదిలి వెళ్లకండి. చెప్పిన రోజుకి వెళ్లి హాజరైతే, కారణాలు రాసి పెడితే తప్ప అరెస్ట్ చేయకూడదని చట్టంలోనే ఉంది. ఎగ్గొడితే మాత్రం అరెస్ట్‌కి మీరే దారి ఇచ్చినట్టు.

ఆర్డర్ వచ్చాక దాన్ని బీరువాలో పెట్టేసేవాళ్లు ఉన్నారు. అది చాలా తప్పు. "రెండు వారాల్లో స్టేషన్‌లో హాజరై, 25 వేలకు సొంత పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులను ఇవ్వాలి, ప్రతి శనివారం సంతకం పెట్టాలి" అని మన ఆయన ఆర్డర్‌లో ఉందనుకోండి, సర్టిఫైడ్ కాపీ తీసుకుని జామీనుదారులిద్దరినీ వెంటబెట్టుకుని ఆ గడువులోపే స్టేషన్‌కి వెళ్లాలి. అక్కడ కాగితం మీద అరెస్ట్ చూపించి, పూచీకత్తులు తీసుకుని వదిలేస్తారు. శనివారాలు ఎగ్గొట్టినా, సాక్షులకు ఫోన్ చేసి బెదిరించినా బెయిల్ రద్దు చేయమని పిటిషన్ పడుతుంది.

చార్జిషీట్ వేశాక మళ్లీ బెయిల్ తెచ్చుకోవాలా అని చాలామంది అడుగుతారు. 2020లో సుశీలా అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పిన ప్రకారం మామూలుగా అక్కర్లేదు, కేసు ముగిసేదాకా అదే నడుస్తుంది. అయితే ప్రత్యేక కారణాలుంటే కోర్టు గడువు పెట్టొచ్చు కూడా. మీ ఆర్డర్‌లో "చార్జిషీట్ వేసేవరకు" అన్న మాట కనపడితే మాత్రం, ఆ రోజు రాకముందే మామూలు బెయిల్ సంగతి లాయర్‌తో మాట్లాడి ఉంచుకోండి.