యాభై వేల లోపే ఆగిన బిల్లులు

మా ఫ్యాక్టరీలో 50,000 రూపాయల లోపు సప్లయర్ బిల్లును స్టోర్స్ మేనేజర్ ఒక్కరే ఆమోదించవచ్చు. అంతకు మించితే ఫైనాన్స్ హెడ్ చూడాలి. ఒకరోజు లెడ్జర్ తిరగేస్తుంటే ఒకే సప్లయర్‌వి వారంలో మూడు బిల్లులు కనిపించాయి: 48,500, 49,200, 47,800. మూడింటికీ పర్చేజ్ ఆర్డర్ ఒక్కటే! అంటే ఫైనాన్స్ హెడ్ దాకా వెళ్లకుండా ఒకే కొనుగోలు బిల్లును ముక్కలు చేసినట్టుంది.

పరిమితి తగ్గిస్తే ముక్కలు ఇంకా చిన్నవవుతాయంతే. అందుకే విడి బిల్లును కాకుండా, ఆ ఆర్డర్‌పై అప్పటిదాకా వచ్చిన బిల్లుల మొత్తాన్ని పరిమితితో పోల్చేలా మార్పించాను. ఇప్పుడైతే రెండో బిల్లుకే లెక్క 97,700 అయి ఫైనాన్స్ హెడ్‌కు వెళ్తుంది. ఆర్డర్‌నే ముక్కలు చేస్తే మాత్రం ఇది పట్టుకోలేదు. దానికోసం సప్లయర్ వారీగా 30 రోజుల మొత్తం కూడా చూస్తున్నాం.

నన్ను ఎక్కువ భయపెట్టింది వేరే. సప్లయర్ బ్యాంకు ఖాతా నంబరు మార్చేదీ, బిల్లు ఎక్కించేదీ ఒకే లాగిన్. అంటే ఒక్కరే ఖాతా మార్చి, బిల్లు ఎక్కించి, డబ్బును వేరే ఖాతాకు మళ్లించే వీలుంది. ఆ రెండూ వెంటనే విడదీశాం.