ప్రాసెస్ కాస్టింగ్ నేర్చుకుందాం – 4వ పాఠం: పోయిన సరుకు ఖర్చు ఎవరి ఖాతాలో పడాలి?

గత పాఠంలో ఏ నష్టమూ లేని ప్రాసెస్ ఖాతా రాశాం. వేసిన సరుకంతా బయటికి వచ్చింది కాబట్టి మొత్తం ఖర్చును కిలోలతో భాగిస్తే సరిపోయింది. నిజంగా మిల్లులో అలా జరగదు. ఎండుమిర్చి తొడిమలు తీసి జల్లెడ పడితే బరువు తగ్గుతుంది. పసుపు కొమ్ములు పాలిష్ చేస్తే పైపొట్టు రాలుతుంది. అలా తగ్గిన కిలోల మీద కూడా మనం డబ్బు పెట్టాం. ఆ డబ్బు ఎక్కడికి వెళ్తుందన్నదే ఈ పాఠం.

గుంటూరు వైపు ఉండే ఒక కారం మిల్లు లెక్క తీసుకుందాం. అంకెలు పాఠం కోసం వేసుకున్నవే. మొదటి ప్రాసెస్‌లో పని తొడిమలు తీసి శుభ్రం చేయడం. ఇందులో 2,000 కిలోల మిర్చి వేశారు. కిలో 150 చొప్పున సరుకు ఖర్చు 3,00,000 రూపాయలు. కూలి 18,000, ఇతర ప్రాసెస్ ఖర్చులు 9,000. మొత్తం 3,27,000. పాత రికార్డుల ప్రకారం ఈ పనిలో వేసిన బరువులో 10 శాతం తొడిమ, దుమ్ము రూపంలో పోతుంది. ఆ తుక్కును కిలో 15కి కొనేవాళ్లున్నారు. ఈసారి శుభ్రమైన మిర్చి 1,740 కిలోలు వచ్చింది.

వేసిన 2,000లో 10 శాతం అంటే 200 కిలోలు. ఇది సాధారణ నష్టం. పనివాళ్లు ఎంత జాగ్రత్తగా ఉన్నా తొడిమ లేకుండా మిర్చి రాదు కాబట్టి ఈ 200 కిలోలు పోవడం పనిలో భాగమే. అందుకే దానికి విడిగా ఖర్చు కట్టం. దాని భారాన్ని మంచి సరుకే మోయాలి. అయితే తుక్కు అమ్మితే 3,000 వస్తుంది కదా, అంతమేరకు మంచి సరుకు మీద భారం తగ్గుతుంది. అంటే నష్టం మామూలుగా ఉన్నప్పుడు రావలసిన 1,800 కిలోలు 3,27,000 నుంచి 3,000 తీసేయగా మిగిలిన 3,24,000ను మోస్తాయి. కిలోకి 180 రూపాయలు. ఈ అంకె వచ్చాక మిగతా పని తేలికే, అందుకే పరీక్షలోనైనా ఆఫీసులోనైనా ముందు దీన్నే తేల్చుకోండి.

1,800 రావలసిన చోట 1,740 వచ్చింది. తేడా 60 కిలోలు. ఇది అసాధారణ నష్టం. కాయ తడిసి బూజు పట్టడం, మెషీన్ సెట్టింగ్ తప్పి కాయ నలిగిపోవడం లాంటి కారణం ఏదో ఉంటుంది. ఇక్కడ చాలామంది తడబడతారు. ఇది కూడా నష్టమే కాబట్టి తుక్కు ధరకే రాస్తే పోలేదా అని అడుగుతారు. అలా రాయకూడదు. ఆ 60 కిలోలు మంచి సరుకుగా రావలసినవి, వాటికీ అదే కూలి, అదే ఖర్చు పట్టింది. కాబట్టి మంచి కిలోకి పడ్డ 180 రూపాయలే వీటికీ పడాలి. 60 × 180 = 10,800. మంచి మిర్చికి 1,740 × 180 = 3,13,200.

ఇప్పుడు ప్రాసెస్ ఖాతా క్రెడిట్ వైపు ఇలా ఉంటుంది:

| వివరం | కిలోలు | రూపాయలు |
|---|---|---|
| సాధారణ నష్టం | 200 | 3,000 |
| అసాధారణ నష్టం | 60 | 10,800 |
| తర్వాతి ప్రాసెస్‌కు మంచి మిర్చి | 1,740 | 3,13,200 |
| మొత్తం | 2,000 | 3,27,000 |

కిలోల మొత్తం, రూపాయల మొత్తం రెండూ డెబిట్ వైపుతో కలవాలి. రూపాయలు కలిసి కిలోలు కలవకపోతే ఎక్కడో ఒక నష్టాన్ని వదిలేశారని అర్థం.

ఇక అసాధారణ నష్టం ఖాతా. డెబిట్ వైపు 10,800 ప్రాసెస్ ఖాతా నుంచి వచ్చింది. ఆ 60 కిలోలనూ తుక్కుతో కలిపి కిలో 15కే అమ్మారనుకుందాం. అప్పుడు వచ్చిన 900 ఈ ఖాతాకే క్రెడిట్ అవుతుంది, ప్రాసెస్ ఖాతాకు కాదు. మిగిలిన 9,900 కాస్టింగ్ లాభనష్టాల ఖాతాకు వెళ్తుంది. నలిగిన కాయకు తుక్కు కంటే మంచి ధర వస్తే ఆ ధరే వేయండి, ఏమీ రాకపోతే సున్నా వేయండి. లెక్క ప్రశ్నల్లో రెంటికీ ఒకే ధర ఇస్తారు కాబట్టి ఈ తేడా కనిపించదు, కానీ మిల్లులో కనిపిస్తుంది.

ఈ 9,900ను ఇంత పట్టుబట్టి వేరు చేయడం ఎందుకో తెలియాలంటే, వేరు చేయకుండా ఒకసారి లెక్క కట్టి చూడాలి. పోయిన 260 కిలోలన్నీ ఒకటే అనుకొని, మొత్తం తుక్కు డబ్బు 3,900 తీసేసి, వచ్చిన 1,740 కిలోలతో భాగిస్తే కిలోకి 185.69 వస్తుంది. అంటే కిలోకి 5.69 పెరిగింది. దాన్ని 1,740 కిలోలకు లెక్కగడితే సరిగ్గా ఆ 9,900 రూపాయలే. నష్టం ఎక్కడికీ పోలేదు, మంచి మిర్చి ధరలో దాక్కుంది. గోడౌన్‌లో ఉన్న నిల్వ విలువ పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ ధరను చూసి యజమాని కారం రేటు పెంచాలనుకుంటాడు తప్ప మెషీన్ చూడమని ఎవరికీ చెప్పడు. మన అకౌంటింగ్ స్టాండర్డ్ 2 కూడా, మామూలుకు మించి వృథా అయిన సరుకు, కూలి ఖర్చును నిల్వ విలువలో చేర్చవద్దనే చెబుతుంది.

దీన్ని మించిన చిక్కు ఇంకొకటి ఉంది. ఫోర్‌మన్ సాధారణ నష్టం 10 కాదు, 13 శాతం అన్నాడనుకోండి. అప్పుడు 260 కిలోలూ సాధారణమే అవుతాయి, అసాధారణ నష్టం సున్నా. కిలో ధర మళ్లీ అదే 185.69. ఖాతా చక్కగా కలుస్తుంది, తప్పు ఎక్కడా కనిపించదు. కాబట్టి ఆ శాతం ఎవరు, ఏ ఆధారంతో పెట్టారో అడగడం మీ పనే. పాత బ్యాచ్‌ల తూకం రికార్డులు, సరుకు రకం, తేమ చూసి పెట్టాలి. కొత్త పంట మిర్చిలో తేమ ఎక్కువ ఉంటే ఎండినకొద్దీ బరువు మామూలుగానే తగ్గుతుంది. ఆ తేమను ఎవరూ కొనరు కదా, దానికి తుక్కు విలువ లేదు. అప్పుడు సాధారణ నష్టం కిలోల్లో తేమ భాగాన్ని విడదీసి, తొడిమ భాగానికి మాత్రమే 15 చొప్పున కట్టాలి. అసాధారణ నష్టం నెలనెలా సున్నా వస్తున్నా, ప్రతినెలా ఒకేలా వస్తున్నా, శాతాన్ని మళ్లీ తూచి చూడాల్సిన సమయం వచ్చిందని అనుమానించండి.

ఇప్పుడు మీరు చేయాల్సిన లెక్క. నిజామాబాద్‌లో పసుపు కొమ్ములు పాలిష్ చేసే యూనిట్. వేసింది 1,500 కిలోలు, మొత్తం ఖర్చు 2,08,200. సాధారణ నష్టం వేసిన బరువులో 8 శాతం, ఆ పొట్టు కిలో 10కి పోతుంది. బయటికి వచ్చింది 1,350 కిలోలు. అదనంగా పోయినది వానకు తడిసి కుళ్లడంతో పారేశారు. ప్రాసెస్, అసాధారణ నష్టం, కాస్టింగ్ లాభనష్టాలు, ఈ మూడు ఖాతాలూ రాయండి. కిలో ధర 150, కాస్టింగ్ లాభనష్టాల ఖాతాకు వెళ్లేది 4,500 వస్తే సరిగ్గా చేసినట్టే. 4,200 వచ్చిందంటే పారేసిన సరుకుకూ పొట్టు ధర వేశారు, ఆ ఒక్క చోట సరిచూసుకోండి.

రావలసిన 1,380 కిలోల కంటే ఎక్కువ పసుపు వస్తే ఏం రాయాలన్నది 5వ పాఠంలో.